కవరు నుంచి బోర్డు దాకా: బెంగళూరు వీధిలోని మందుల షాపుకు సొంత గుర్తింపు

ముందు ఒక లెక్క చూద్దాం. ధరల నియంత్రణ పరిధిలో ఉన్న మందుల మీద చిల్లర వ్యాపారికి 16 శాతం మార్జిన్ లెక్కగడతారు. మిగతా మందుల మీద వాడుకలో ఉన్నది 20 శాతం. అన్నీ కలిపి, పన్నులు తీసేస్తే, వెయ్యి రూపాయల బిల్లు మీద షాపులో మిగిలేది దాదాపు 150 నుంచి 180. 10 శాతం తగ్గిస్తే అందులో వంద పోతుంది. మిగిలిన 50–80 రూపాయల్లోంచే అద్దె, ఫార్మసిస్టు జీతం, ఫ్రిజ్ కరెంటు, గడువు దాటి మూలన పడే సరుకు నష్టం అన్నీ తీరాలి. 20 శాతం తగ్గింపు ఇస్తే చేతి డబ్బు కలిపి అమ్మినట్టే. పెద్ద గొలుసు షాపులూ, ఫోన్ యాప్‌లూ కంపెనీల నుంచి భారీగా కొంటాయి కాబట్టి ఆ ధరలకు తట్టుకుంటాయి. మారతహళ్ళిలోనో కగ్గదాసపురలోనో ఒక్క షట్టరు షాపు నడిపేవారు ఆ పందెంలోకి దిగకూడదు.

అలాంటి షాపుకు మిగిలే బలం నమ్మకం. నమ్మకాన్ని బోర్డు మీద రాసి పుట్టించలేం. చాలామంది బోర్డుతో మొదలుపెట్టి, లోగో వేయించి, తర్వాత విజిటింగ్ కార్డు కొట్టించి అక్కడితో ఆగిపోతారు. మేం చెప్పే వరస దీనికి తలకిందులుగా ఉంటుంది. ముందు మాట, ఆ తర్వాత మందు పెట్టిచ్చే కవరు, ఆ తర్వాత పేరు, గుర్తు, వాటన్నిటి తర్వాతే బోర్డు. కవరు కొన్నవాళ్ల ఇంట్లో ఫ్రిజ్ మీద నెలంతా కూర్చుంటుంది. బోర్డును వాళ్లు చూసేది అర నిమిషం.

మొదటి మెట్టు: నిలబెట్టుకోగల మూడు మాటలు

వారం రోజులు కౌంటర్ పక్కన ఒక నోటుపుస్తకం పెట్టండి. వచ్చినవాళ్లు ఏం అడిగారు, మనం ఏం చెప్పాం, వాళ్లు ఏ సందేహంతో వెళ్లారు అని మూడు గడులు గీస్తే చాలు. వారం తిరిగేసరికి మూడో గడిలో ఒకే రకం విషయాలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే వీధుల్లో తప్పకుండా కనబడేది ఒకటుంది. పిల్లలు ఇక్కడ ఐటీ ఉద్యోగాల్లో ఉంటే ఒంగోలు నుంచో కర్నూలు నుంచో వచ్చి రెండు మూడు నెలలు ఉండిపోయే అమ్మానాన్నలు. చీటీ ఇంగ్లీషులో ఉంటుంది, చుట్టూ కన్నడ వినిపిస్తుంది, వాళ్లు చదవగలిగేది తెలుగు. పగలు ఇంట్లో అడగడానికి ఎవరూ ఉండరు. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో వాళ్లు కౌంటర్ దగ్గర ఒకసారి వింటారు, మెట్లు ఎక్కేలోపు మరిచిపోతారు.

ఆ పుస్తకం ఆధారంగా మూడు మాటలు ఎంచుకోండి. నాలుగోది వద్దు, రద్దీ వేళ అది జారిపోతుంది. అవి కొన్నవాళ్లు సరిచూసుకోగలిగిన మాటలు కావాలి. “మీ ఆరోగ్యమే మా ధ్యేయం” అన్నదాన్ని ఎవరూ సరిచూడలేరు. కింది మూడూ ఎవరైనా సరిచూడగలరు.

ప్రతి మందూ ఎప్పుడు, ఎంత, తినకముందా తిన్నాకా అన్నది మీరు చదివే భాషలో కవరు మీద రాసిస్తాం.

లేని మందు ఏ గంటకు వస్తుందో చెబుతాం. ఆ గంటకు రాకపోతే మేమే ఫోన్ చేస్తాం.

నెలనెలా వాడే మందులు అయిపోవడానికి అయిదు రోజుల ముందు గుర్తుచేస్తాం.

“అన్ని మందులూ ఎప్పుడూ దొరుకును” అని మాత్రం రాయకండి. అది ఏ షాపూ నిలబెట్టుకోలేని మాట, మొదటి వారంలోనే తప్పుతుంది. “24 గంటలు” కూడా ఆలోచించాకే రాయాలి. 1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం డాక్టరు చీటీ మీద మందు ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టే. రాత్రి రెండు గంటలకు ఫార్మసిస్టు లేకుండా షట్టరు తెరిచి ఉంటే ఆ బోర్డు మాట చట్టానికీ సరిపడదు, జాగ్రత్త అన్న పేరుకూ సరిపడదు.

రెండో మెట్టు: కవరు

ఎక్కువ శ్రద్ధ ఇక్కడ పెట్టాలి. పది మాత్రల షీటు మడత పడకుండా పట్టడానికి 4 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల పొడవున్న కాగితం కవరు సరిపోతుంది. 80 జీఎస్‌ఎం మ్యాప్లితో కాగితం అడగండి. నున్నగా మెరిసే కాగితం మీద రబ్బరు స్టాంపు సిరా ఆరదు, వేలు తగిలితే అలుక్కుపోతుంది. అంతకన్నా పలచటి కాగితం మీద బాల్‌పెన్ నొక్కి రాస్తే చిరుగుతుంది. రంగు తెలుపుకు దగ్గరగా ఉండాలి, ముద్రణ ఒకే ముదురు రంగులో ఉండాలి. చత్వారం వచ్చిన కళ్లకు లేతబూడిద రంగు అక్షరాలు కనబడవు.

కవరు మీద పైనుంచి కిందికి వరస ఇలా ఉంటుంది. మొదటి గీత మీద మనిషి పేరు. ఒకే ఇంట్లో భార్యాభర్తలిద్దరికీ బీపీ మందులు ఉండడం మామూలే, పేరు లేకపోతే కవర్లు తారుమారవుతాయి. రెండో గీత మీద మందు పేరు, ఎంత బలం. దాని కింద “దేనికి” అని చిన్న గీత. తర్వాత మూడు పెద్ద గడులు: పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. ఒక్కో గడి పైన ఒక్కో బొమ్మ, ఉదయించే సూర్యుడు, నడినెత్తిన సూర్యుడు, చంద్రుడు. గడుల కింద “పరగడుపున, తినకముందు, తిన్నాక” అని మూడు మాటలు, వాటిలో వర్తించేదాని చుట్టూ సున్నా చుట్టాలి. అట్టడుగున బ్యాచ్ నంబరు, గడువు తేదీ, షాపు ఫోన్ నంబరు.

బొమ్మలు ఏ భాషవారికైనా అర్థమవుతాయి కాబట్టి వాటిని ముద్రించేయండి. మాటలు ఒక కవరు మీద కన్నడ, తెలుగు, ఇంకో కవరు మీద ఇంగ్లీషు, హిందీ ఉండేలా రెండు రకాలు కొట్టిస్తే బెంగళూరులో చాలావరకు సరిపోతుంది. తమిళం చదివేవారు ఎక్కువైతే దానికి రబ్బరు స్టాంపు చేయించండి. అయిదు భాషలూ ఒకే కవరు మీద కుక్కితే ఏ భాషా చదవబుద్ధి కాదు.

గడిలో ఏం రాస్తామన్న దగ్గర తప్పులు జరుగుతాయి. సగం మాత్ర అని చెప్పడానికి ఒకటి, గీత, రెండు రాస్తే “ఒకటి లేదా రెండు” అనుకునేవారున్నారు. “అర” అని అక్షరాల్లో రాయండి. మాత్ర లేని పూట గడిని ఖాళీగా వదలకుండా అడ్డగీత కొట్టండి. ఖాళీ గడి చూస్తే రాయడం మరిచారేమో అన్న అనుమానం వస్తుంది. డాక్టర్లు చీటీలో రాసే 1-0-1ని కవరు మీదికి అలాగే దింపకండి, దాన్ని మాటల్లోకి మార్చడమే మన పని.

వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మందులకు ప్రత్యేకంగా ఒక స్టాంపు ఉండి తీరాలి. కీళ్ల వాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ అలాంటిదే. వారానికోసారి వేసుకోవాల్సిన దాన్ని రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్న సంఘటనలు ప్రపంచమంతటా నమోదయ్యాయి. పొద్దున, రాత్రి గడులున్న కవరులో ఆ మందు పెడితే, చూసేవారు రోజూ వేసుకోవాలనే అనుకుంటారు. అందుకని గడుల మీదుగా అడ్డంగా “వారానికి ఒక్కరోజే, ఆ రోజు ___” అని ఎర్ర సిరాతో కొట్టి, సోమవారమో మంగళవారమో రాసి, ఆ రోజు పేరు వాళ్ల నోటితో చెప్పించుకోండి. కవరు మీద ఎర్ర రంగు ఇంకెక్కడా వాడకండి, అప్పుడే దానికి విలువ ఉంటుంది.

షీటు కత్తిరించడంలో కూడా షాపు పద్ధతి కనబడుతుంది. గడువు తేదీ, బ్యాచ్ ముద్రించిన కొసకు ఎదుటి కొస నుంచి కత్తిరించాలి. అలా చేస్తే షాపులో మిగిలే ముక్క మీద తేదీ ఉంటుంది. కొన్నవారి చేతికి వెళ్లే ముక్క మీద మాత్రం ఏమీ ఉండదు. కాబట్టి కవరు అడుగున ఆ రెండూ రాయాలి. రాయడానికి పది సెకన్లు పడుతుంది. ఆరు నెలల తర్వాత ఆ ఇంట్లో ఎవరో మందుల డబ్బా తీసి “ఇది వేసుకోవచ్చా” అని చూసినప్పుడు దానికి జవాబిచ్చేది ఆ రాతే.

ఒక చీటీ పెట్టుకుని చూద్దాం. 68 ఏళ్ల పెద్దాయన కొడుకు దగ్గరికి వచ్చారు. చీటీలో థైరాక్సిన్ 50 మైక్రోగ్రాములు పొద్దున ఒకటి, మెట్‌ఫార్మిన్ 500 రెండు పూటలా, అటోర్వాస్టాటిన్ 10 రాత్రి, కాల్షియం మధ్యాహ్నం ఉన్నాయి. మందులు నాలుగు కాబట్టి కవర్లూ నాలుగే. మొదటి దాని మీద పొద్దున గడిలో 1, మిగతా రెండిటికీ అడ్డగీత, “పరగడుపున” చుట్టూ సున్నా. కింద చేత్తో “మంచినీళ్లతో వేసుకుని అరగంట నుంచి గంట ఆగాక టిఫిన్, కాఫీ”. రెండో దాని మీద పొద్దున 1, రాత్రి 1, “తిన్నాక”. మూడో దాని మీద రాత్రి 1. నాలుగోది కాల్షియం, మధ్యాహ్నం 1, “తిన్నాక”. ఇక్కడ ఫార్మసిస్టు ఒక మాట కలపాలి. థైరాక్సిన్‌కూ కాల్షియానికీ మధ్య కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకపోతే థైరాక్సిన్ ఒంటికి పట్టదు. డాక్టరు మధ్యాహ్నం అని రాసింది బహుశా అందుకే. పెద్దాయన మాత్రం అన్నీ పొద్దున్నే వేసేసుకుంటే ఓ పనైపోతుందని అనుకోవచ్చు. “నాన్నగారూ, ఈ రెండూ కలిపి వేసుకోకండి, పొద్దునది పనిచేయదు” అని కారణంతో చెబితే గుర్తుంటుంది. మొత్తం మీద మూడు, నాలుగు నిమిషాల పని.

అదే చీటీలో ఊళ్లో దొరికే బ్రాండు ఇక్కడ లేకపోతే? “ఇదీ అదీ ఒకటేనండీ” అని ఇంకోటి చేతిలో పెట్టడం సులువు. కానీ ఔషధ నిబంధనల్లోని 65(11ఎ) ప్రకారం షెడ్యూల్ హెచ్, హెచ్1, ఎక్స్ మందులను డాక్టరు రాసిన తయారీకి బదులు, అందులో అదే మందు ఉన్నా సరే, వేరేది ఇవ్వకూడదు. చెప్పాల్సిన తీరు ఇది: “ఈ కంపెనీది ఇవాళ లేదు. రేపు సాయంత్రం ఆరుకు తెప్పిస్తాను. అంతవరకు ఆగలేకపోతే డాక్టరుగారికి ఫోన్ చేసి అడుగుదాం, ఆయన సరేనని రాసి పంపితే వేరే కంపెనీది ఇస్తాను.” కొందరు పక్క షాపుకు వెళ్లిపోతారు. వెళ్లనివ్వండి.

కవరుతో పాటు సంచీ గురించి ఒక మాట. శానిటరీ ప్యాడ్లు, కండోములు, గర్భ పరీక్ష కిట్లు నల్ల ప్లాస్టిక్ సంచీలో చుట్టి ఇచ్చే అలవాటు మన షాపుల్లో పాతుకుపోయింది. నల్ల సంచీ చూడగానే అందులో ఏముందో వీధికంతా తెలుస్తుంది. దగ్గు మందుకూ ప్యాడ్‌కూ ఒకే రకం కాగితపు సంచీ వాడితే ఆ ఇబ్బందే ఉండదు. ఆడపిల్లలు రెండోసారి ఆ షాపుకే వస్తారు.

మూడో మెట్టు: పేరు

బెంగళూరులో పేరు పెట్టేటప్పుడు తెలుగు చెవితో పాటు కన్నడ చెవితోనూ వినాలి. “తోడు” అన్న మాట మనకు ఎంతో ఆప్యాయంగా వినిపిస్తుంది. కన్నడలో “తోడు” అంటే తవ్వడం. మందుల షాపు మీద అది బాగుండదు. “ఆసరా” అంటే కన్నడలోనూ “ఆసరె” కాబట్టి అర్థం కుదురుతుంది, కానీ తెలంగాణ నుంచి వచ్చినవారికి మొదట గుర్తొచ్చేది పింఛను. “దీపం” రెండు భాషల్లోనూ ఒకటే, మరీ ఎక్కువమంది వాడేశారు.

ఉదాహరణకు “గూడుదీప” తీసుకుందాం. మన పాత ఇళ్లలో గోడ గూటిలో పెట్టే దీపం మనకు తెలుసు. కన్నడ తీరప్రాంతంలో దీపావళికి ఇంటి ముందు వేలాడదీసే లాంతరును గూడుదీప అంటారు. తెలుగువారు “గూడుదీపం” అని పలికినా పేరు చెడదు. పైగా ఈ మాటలో ఒత్తులు లేవు. బోర్డు మీద ఒత్తులుంటే వాటి కోసం కింద చోటు వదలాలి, అక్షరాలు ఆ మేరకు చిన్నవవుతాయి. ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు మాత్రం మొదట రెండు “ఓ”లు పెడితే “గుడ్” అని చదువుతారు, ఒక్క “యు” పెట్టండి.

పేరు ఖాయం చేసేముందు ఇంకో చిన్న పరీక్ష. వాహనాల రొదలో ఉన్న ఒకరికి ఫోన్ చేసి పేరు ఒక్కసారి చెప్పి రాయమనండి. అయిదుగురిలో నలుగురు సరిగా రాస్తే పేరు నిలుస్తుంది.

పేరు పక్కన వచ్చే మాటకు కూడా నియమం ఉంది. ఔషధ నిబంధన 65(15) ప్రకారం “ఫార్మసీ” అన్నది రిజిస్టర్డ్ ఫార్మసిస్టు ఉండి, మందులు కలిపి తయారుచేసే ఏర్పాటు కూడా ఉన్న షాపుకు చెందిన మాట. ఫార్మసిస్టు ఉండి ఆ ఏర్పాటు లేని షాపు “కెమిస్ట్స్ అండ్ డ్రగ్గిస్ట్స్” అని రాసుకోవాలి. లైసెన్సు దరఖాస్తులో, బోర్డు మీద, బిల్లు మీద, యూపీఐ స్కాన్ చేసినప్పుడు ఫోన్‌లో కనబడే చోట ఒకే పేరు ఉండాలి. బోర్డు మీద ఒక పేరు చూసి స్కాన్ చేస్తే ఎవరో మనిషి పేరు కనబడినప్పుడు, పెద్దవాళ్లు డబ్బు పంపకుండా ఆగిపోతారు.

ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్‌లో 35వ తరగతిలో వెతకండి, చిల్లర అమ్మకం సేవలు అందులోకి వస్తాయి. మందుల ఉత్పత్తులకు చెందిన 5వ తరగతిలోనూ చూడడం మంచిది, ఏదైనా మాత్ర పేరును పోలి ఉంటే గొడవ వస్తుంది. వ్యక్తులకూ చిన్న సంస్థలకూ ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము తరగతికి 4,500 రూపాయలు, నమోదైతే పదేళ్లు ఉంటుంది.

నాలుగో మెట్టు: గుర్తు, రంగు

తెల్లటి వెనకతలం మీద ఎర్ర క్రాస్ వేయకండి. అది రెడ్ క్రాస్ చిహ్నం. 1960 నాటి జెనీవా కన్వెన్షన్ల చట్టం 12వ సెక్షన్ అనుమతి లేకుండా దాన్ని వాడడాన్ని నిషేధించింది. ఎర్ర వెనకతలం మీద తెల్ల క్రాస్‌కూ అదే నిషేధం. ఆకుపచ్చ క్రాస్‌కు ఆ అడ్డంకి లేదు, కానీ వీధిలో అందరి దగ్గరా అదే ఉంది. దాన్ని ఇది మందుల షాపు అని తెలిపే సూచనగా చిన్నగా వాడుకోండి, సొంత గుర్తు మాత్రం వేరే ఉండాలి.

గూటి ఆకారపు కమాను, లోపల ఒక జ్వాల. గీయడానికి ఇది సులువు, అయినా రెండు చోట్ల దెబ్బతింటుంది. కమాను తీసేసి జ్వాల ఒక్కటే పెడితే చిన్న సైజులో అది రక్తపు చుక్కలాగో నూనె చుక్కలాగో కనబడుతుంది. ప్రమిద, పసుపు, కుంకుమ రంగులు చేరిస్తే పూజా సామగ్రి షాపు అనుకుంటారు. పక్క వీధి మసీదుకూ చర్చికీ వెళ్లేవారికి ఇది తమ షాపు కాదేమో అనిపిస్తుంది. కమాను, జ్వాల రెండే ఉంచి, ముదురు ఆకుపచ్చ ఒక్కటే వాడితే ఆ రెండు చిక్కులూ తీరుతాయి.

డిజైనర్ కంప్యూటర్ తెరమీద చూపించే పెద్ద బొమ్మను చూసి సరే అనకండి. మూడు చోట్ల అచ్చు తీసి చూడమనండి. 12 మిల్లీమీటర్ల రబ్బరు స్టాంపులో, బిల్లు కొట్టే థర్మల్ ప్రింటర్‌లో, వాట్సాప్ గుండ్రటి బొమ్మలో. థర్మల్ ప్రింటర్ నలుపు ఒక్కటే కొడుతుంది, సన్నటి గీతలూ రంగుల ఛాయలూ అందులో మాయమవుతాయి. ఈ మూడింటిలో నిలిచిన గుర్తు బోర్డు మీద ఎలాగూ నిలుస్తుంది.

అయిదో మెట్టు: బోర్డు

కర్ణాటకలో 2024 సవరణ ప్రకారం దుకాణాల బోర్డు మీద 60 శాతం కన్నడ ఉండాలి, అది పైభాగంలో ఉండాలి. 10 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు బోర్డు అనుకుందాం. 30 చదరపు అడుగుల్లో కన్నడకు 18. అంటే 36 అంగుళాల ఎత్తులో పైనున్న దాదాపు 22 అంగుళాలు కన్నడవి, మిగిలిన 14 అంగుళాల్లో ఇంగ్లీషు పేరు, ఫోన్ నంబరు. ఒక అంగుళం ఎత్తు అక్షరం పది అడుగుల దూరం నుంచి హాయిగా చదవగలం అన్నది బోర్డుల పనివాళ్ల లెక్క. రోడ్డు అవతలి వైపు 60 అడుగులుంటే ఆరు అంగుళాల అక్షరం కావాలి. కన్నడ పేరు పన్నెండు అంగుళాలతో నిండుగా వస్తుంది, ఇంగ్లీషు ఆరు అంగుళాలతో సరిపోతుంది.

బోర్డు మీద తెలుగు వేయాలా అని అడుగుతారు. మా సలహా వద్దనే. మిగిలిన 14 అంగుళాల్లో రెండు భాషలు ఇరికిస్తే రెండూ చదవడానికి రావు. బోర్డు ఆ ఊరిది, కన్నడలో నిండుగా ఉండాలి. తెలుగు కవరు మీద, మాటలో ఉంటుంది, అవసరమైనవారికి అది అక్కడే అందుతుంది.

తగ్గింపు శాతం బోర్డు మీదికి ఎక్కించకండి. అక్షరాలకన్నా అంకె ముందు కనబడుతుంది, ఆ తర్వాత ఎంత శ్రద్ధగా కవరు రాసిచ్చినా అది తగ్గింపు షాపుగానే గుర్తుంటుంది. నెలమందులకు అయిదు శాతం ఇవ్వదలచుకుంటే బిల్లు మీద చూపించండి, అందరికీ ఒకేలా ఇవ్వండి. బేరమాడినవారికి ఒకటీ, ఆడనివారికి ఇంకొకటీ అయితే, ఆ సంగతి ఒకే అపార్ట్‌మెంట్ లిఫ్టులో బయటపడుతుంది.

ఆరో మెట్టు: కౌంటర్

ఫార్మసిస్టుకు తెల్లకోటు, దాని మీద పేరూ రిజిస్ట్రేషన్ నంబరూ ఉన్న బ్యాడ్జి. కోటు ఫార్మసిస్టు ఒక్కరికే ఉండాలి, సాయం చేసే కుర్రాళ్లకు ఆకుపచ్చ చొక్కా ఇవ్వండి. అందరూ తెల్లకోటు వేసుకుంటే ఎవరిని అడగాలో కొన్నవారికి తెలియదు.

ఇన్సులిన్ ఉంచే ఫ్రిజ్‌ను జనం కనబడేలా పెట్టి, తలుపు మీద ఉష్ణోగ్రత కాగితం అంటించండి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందో లేదో రోజుకు రెండుసార్లు చూసి, అంకె, సమయం, సంతకం. కరెంటు పోయిన రోజు ఎంతసేపు పోయిందో కూడా దాని మీదే రాయండి. ఇన్సులిన్ ఇచ్చేటప్పుడు ఐస్ ప్యాక్‌ను గుడ్డలోనో కాగితంలోనో చుట్టి పక్కన పెట్టాలి. నేరుగా తగిలితే ఇన్సులిన్ గడ్డకట్టి పాడవుతుంది, గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా మళ్లీ పనికిరాదు.

చీటీ లేకుండా యాంటీబయాటిక్ అడిగేవారికి “ఇవ్వం” అని ముక్తసరిగా చెప్పకండి. షెడ్యూల్ హెచ్1 మందులకు రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఎంత ఇచ్చామన్నది రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. ఆ రిజిస్టరు చూపించి, “డాక్టరు పేరు రాయకుండా ఇది ఇవ్వలేనమ్మా. జ్వరానికి అయితే ఈ పూటకు పారాసిటమాల్ తీసుకోండి, రేపటికీ తగ్గకపోతే డాక్టరుకు చూపించండి” అంటే కోపం రాదు. అడిగింది దొరకకపోయినా అడిగినందుకు జవాబు దొరికింది.

ఏడో మెట్టు: గుర్తుచేసే సందేశం

మెట్‌ఫార్మిన్ రోజుకు రెండు చొప్పున 60 మాత్రలు ఇస్తే 30 రోజులకు సరిపోతాయి. ఇచ్చిన రోజు నుంచి 25వ రోజున సందేశం వెళ్లాలి. ఒక డైరీలో ఆ తేదీ పేజీలో పేరు రాసుకోవడమే ఈ పనికి చాలు. ముందుగా “ఫోన్‌కు గుర్తుచేయమంటారా, ఎవరి నంబరుకు” అని అడిగి రాయించుకోండి. సందేశంలో మందు పేరు, జబ్బు పేరు రాయకూడదు. ఇంట్లో అందరూ చూసే ఫోన్‌లో మానసిక వ్యాధి మందు పేరో, హెచ్ఐవీ మందు పేరో తెరమీద వెలిగితే జరిగే నష్టాన్ని ఏ క్షమాపణా పూడ్చదు. “నమస్కారం. మీ నెల మందులు మరో అయిదు రోజుల్లో అయిపోవచ్చు. కావాలంటే ‘అవును’ అని పంపండి, సిద్ధంగా ఉంచుతాం. – గూడుదీప” అన్నంత చాలు. జవాబు రాకపోతే ఒక్కసారి ఫోన్ చేయండి, రెండోసారి వద్దు.

ఎక్కడ జారుతుంది, ఎలా తెలుస్తుంది

రాత్రి ఎనిమిది నుంచి పది మధ్య జారుతుంది. ఆఫీసు బస్సులు దిగినవారంతా ఒకేసారి వస్తారు, వరసలో అయిదుగురు నిలబడగానే మొదట మానేసేది కవరు మీద రాయడం. అందుకని ఆ రెండు గంటలూ రాయడానికి ఒక మనిషిని కేటాయించండి. ఆయన రాస్తాడు, ఫార్మసిస్టు చీటీతో సరిచూసి కవరు మూల చిన్న సంతకం పెడతాడు. రాసినవారే సరిచూసుకుంటే తప్పు కంటబడదు.

సరిగా జరుగుతోందో లేదో చూడడానికి, షాపు మూసే ముందు ఆ రోజు ఎన్ని మందులు బిల్లయ్యాయో, ఎన్ని కవర్లు తగ్గాయో పోల్చండి. 140 మందులకు 90 కవర్లే తగ్గితే యాభై మందులు రాత లేకుండా వెళ్లాయి. తెప్పిస్తామన్న మందులకు వేరే పుస్తకం పెట్టి, చెప్పిన గంట, వచ్చిన గంట పక్కపక్కన రాయండి. వారానికి పది మాటల్లో మూడు తప్పుతున్నాయంటే డిస్ట్రిబ్యూటర్ బండి వచ్చే వేళ మనకు సరిగా తెలియదన్నమాట. ఆయన్ని అడిగి, ఆ వేళకు రెండు గంటలు కలిపి చెప్పడం మొదలుపెట్టండి.

అప్పటికీ ఏదో ఒక రోజు మాట తప్పుతుంది. ఆరుకు వస్తుందన్న మందు ఆరుకు రాలేదు. ఆరుకు అయిదు నిమిషాల ముందే ఫోన్ చేసి, “అమ్మా, మందు రాలేదు, రేపు పదకొండుకు వస్తుంది. ఈ రాత్రికి మీ దగ్గర మాత్ర ఉందా?” అని అడగండి. లేదంటే దగ్గర్లో ఏ షాపులో ఉందో రెండు మూడు చోట్లకు ఫోన్ చేసి కనుక్కుని, ఆ షాపు పేరు చెప్పి అక్కడికి పంపండి.